జెండా ఉంది, గంట మోగలేదు

2025 జూన్ 16, సోమవారం. హైదరాబాద్‌లో ఓ చిన్న వ్యాపార సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగిని ఉందనుకుందాం. ఆమెకు సరుకు పంపే వ్యాపారి దగ్గర్నుంచి ఓ మెయిల్ వచ్చింది. 'గత నెల బిల్లులో మీ జీఎస్టీ నంబరు తప్పు పడింది. సరిచేసిన బిల్లు పంపుతాం, బుధవారం లోపు ఒకసారి ఫోన్ చేసి ఖాయం చేయండి' అని దాని సారాంశం. ఆ వారం శుక్రవారం, అంటే 20వ తేదీ, నెలవారీ జీఎస్టీ రిటర్ను వేయాల్సిన గడువు. ఈ మెయిల్ మరిచిపోతే లెక్క కుదరదు.

ఆమె జాగ్రత్తపరురాలే. మెయిల్‌కు ఎర్ర జెండా పెట్టింది. బుధవారం ఉదయం 10 గంటలకు గుర్తుచేయమని సమయం కూడా ఇచ్చింది. 'సరఫరాదారులు' అనే పేరుతో తాను వాడే ఆకుపచ్చ రంగు కూడా తగిలించింది. సాయంత్రం ఇంటికెళ్లే ముందు, ఇన్‌బాక్స్ నిండిపోతోందని, ఆ మెయిల్‌ను పాత ఉత్తరాలు దాచుకునే వేరే ఫైల్లోకి జరిపింది. బుధవారం పది దాటింది. పదకొండూ దాటింది. తెర మీద ఏమీ రాలేదు. శుక్రవారం రిటర్నుకు కూర్చున్నప్పుడు గానీ ఆ బిల్లు సంగతి గుర్తుకు రాలేదు. వెతికి మెయిల్ తెరిస్తే జెండా చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

ఔట్‌లుక్ మీద రోజంతా పనిచేసేవాళ్లలో చాలామంది ఇలాంటి అనుభవాన్ని ఎదుర్కొని ఉంటారు. 'రిమైండర్ పెట్టాను, రాలేదు' అంటారు. ఎందుకు రాలేదో తెలియాలంటే ముందు ఒక విషయం విడదీసి చూడాలి. జెండా వేరు, రంగు వేరు, గంట వేరు. మూడూ ఒకే మెయిల్‌కు అంటుకుని కనిపిస్తాయి కాబట్టి ఒకటే అనిపిస్తాయి. నేను చెబుతున్నది విండోస్ కంప్యూటర్లలో వాడే క్లాసిక్ ఔట్‌లుక్ గురించి.

మూడు పనులు, మూడు గుర్తులు

జెండా అంటే 'ఈ పని మిగిలి ఉంది' అనే గుర్తు. దానికి మొదలుపెట్టే తేదీ, ముగించాల్సిన తేదీ ఉంటాయి. మెయిల్ పక్కనున్న జెండా బొమ్మ మీద ఒక నొక్కు నొక్కితే మామూలుగా ఈ రోజు తేదీ పడుతుంది. అంతే. అది మిమ్మల్ని పిలవదు. గడువు దాటితే జాబితాలో ఆ వరుస ఎర్రగా మారుతుంది గానీ, మీరు చూస్తేనే తెలుస్తుంది.

రంగు అంటే కేటగిరీ. అది పనిని గుంపులుగా విడదీస్తుంది: సరఫరాదారులు, పన్నులు, ఇంటి విషయాలు, ఇలా. దానికి తేదీ లేదు, సమయం లేదు. 2003 నాటి ఔట్‌లుక్‌లో జెండాలే ఆరు రంగుల్లో ఉండేవి. 2007 నుంచి జెండాలన్నీ ఎరుపే అయ్యాయి, రంగులు కేటగిరీల్లోకి వెళ్లిపోయాయి. అప్పటి అలవాటు ఉన్నవాళ్లు ఇప్పటికీ రంగు పెడితే గుర్తుచేస్తుందని అనుకుంటూ ఉంటారు.

మిమ్మల్ని పిలిచేది గంట ఒక్కటే. ఔట్‌లుక్ భాషలో రిమైండర్. జెండా మీద కుడి నొక్కు నొక్కి `Add Reminder...` ఎంచుకుంటే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో `Reminder` అన్నచోట టిక్ ఉండి, తేదీతో పాటు గంట, నిమిషం కూడా ఉంటేనే అది మోగుతుంది. 'ఈ రోజు' అనే జెండాకు గంట కలిపితే, మీ పనివేళలు ముగియడానికి గంట ముందు సమయం తనంతట తానే పడుతుంది. ఐదింటికి పని ముగుస్తుందని అందులో రాసి ఉంటే నాలుగు గంటలకు. ఆ సమయం మీకు పనికొస్తుందో లేదో ఒకసారి చూసుకుని మార్చుకోవడం మంచిది.

గంట ఉందో లేదో తెలుసుకోవడానికి మెయిల్ తెరిచి, పంపినవారి పేరు దగ్గరుండే సమాచారపు పట్టీని చదవండి. `Follow up.` తర్వాత తేదీలు మాత్రమే ఉంటే అది వట్టి జెండా. `Reminder:` అని సమయం కూడా ఉంటే గంట ఉన్నట్టు. 'రిమైండర్ రాలేదు' అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తేలిపోతాయి.

గంట ఎక్కడ వింటుంది?

మన ఉద్యోగిని మెయిల్‌కు గంట ఉంది. మరి ఎందుకు మోగలేదు? అసలు కిటుకు ఇక్కడే ఉంది.

గుర్తుచేయాల్సిన సమయం ఆ మెయిల్‌లోనే రాసి ఉంటుంది. అయితే ఔట్‌లుక్ మీ కంప్యూటర్లోని ప్రతి ఉత్తరాన్నీ నిమిష నిమిషానికీ తెరిచి చూడదు. ప్రధాన మెయిల్‌బాక్స్‌లో కంటికి కనిపించని ఒక జాబితాను ఉంచుకుంటుంది. ఆ మెయిల్‌బాక్స్‌లో గంట పెట్టిన మెయిళ్లు, పనులు, క్యాలెండర్ నమోదులు అన్నీ అందులో చేరతాయి. సమయం వచ్చిందా అని ఔట్‌లుక్ చూసుకునేది ఆ జాబితానే. ఇన్‌బాక్స్‌లోపల మీరు చేసుకున్న ఫోల్డర్లు కూడా దాని పరిధిలోకే వస్తాయి. చెత్తబుట్టలోకి, జంక్ ఫోల్డర్లోకి వెళ్లినవి మాత్రం రావు.

ఆ రోజు సాయంత్రం ఆమె మెయిల్‌ను జరిపింది వేరే ఫైల్లోకి. `.pst` అని చివర ఉండే ఫైలు అది. ఎడమవైపు ఫోల్డర్ల వరుసలో కలిసిపోయి కనిపిస్తుంది కాబట్టి అదీ అదే మెయిల్‌బాక్స్ అనుకుంటాం. నిజానికి అది వేరే బీరువా. మెయిల్ అక్కడికి వెళ్లగానే ప్రధాన జాబితా నుంచి దాని పేరు తొలగిపోయింది. జెండా, సమయం రెండూ మెయిల్ మీదే రాసి ఉన్నాయి కాబట్టి అలాగే మిగిలాయి. వాటిని చూసేవాళ్లే లేకుండా పోయారు.

ఆకుపచ్చ రంగు విషయంలోనూ ఇలాంటిదే జరగవచ్చు. మెయిల్ మీద కేటగిరీ పేరు మాత్రమే రాసి ఉంటుంది, ఏ పేరుకు ఏ రంగో చెప్పే జాబితా మెయిల్‌బాక్స్‌లో ఉంటుంది. ఆ జాబితా లేని చోటికి మెయిల్ చేరితే పేరు మిగులుతుంది, రంగు పోతుంది. పేరుంది కాబట్టి పోయిన రంగు కంటికి తెలుస్తుంది. మోగని గంట తెలియదు, అందుకే అది నష్టం చేస్తుంది.

దీనికి విరుగుడు ఉంది. ఫోల్డర్ల వరుసలో ఆ ఫైల్ పేరు ఉన్న పైవరుస మీద కుడి నొక్కు నొక్కి `Data File Properties...` తెరవండి. అందులో `Display reminders and tasks from this folder in the To-Do Bar` అనే వాక్యం ముందు టిక్ పెట్టండి. ఇక ఆ ఫైల్లోని గంటలు కూడా వినిపిస్తాయి. ఫైలును ఔట్‌లుక్ నుంచి మూసేస్తే మళ్లీ మూగబోతాయి.

ఇంతకన్నా నాకు నచ్చే పద్ధతి ఇంకొకటి. పని పూర్తయ్యేదాకా మెయిల్‌ను ప్రధాన మెయిల్‌బాక్స్ దాటించకపోవడం. ఇన్‌బాక్స్ ఖాళీగా ఉంచుకోవాలంటే దాని కిందే ఓ ఫోల్డర్ చేసుకుని అందులో ఉంచవచ్చు. లేదా మెయిల్‌ను పట్టుకుని క్యాలెండర్ గుర్తు మీద వదిలితే, ఆ మెయిల్ పాఠంతో ఒక కొత్త నమోదు తెరుచుకుంటుంది. గంట దానికి పెట్టి, మెయిల్‌ను ఎక్కడికి కావాలంటే అక్కడికి పంపుకోవచ్చు.

ఇంకో చోట కూడా గంట మోగదు. మీ ఖాతా ఐమ్యాప్ పద్ధతిలో కలిపినదైతే, మెయిల్ జెండా ఉందా లేదా అన్న ఒక్క మాట మాత్రమే సర్వరుకు చేరుతుంది. ఆ పద్ధతిలో జెండాకు తేదీ ఉండే ఏర్పాటే లేదు. అలాంటి ఖాతాలో మెయిల్ మీద గంట ఆశించకుండా క్యాలెండర్లో పెట్టుకోవాలి. అలాగే వేరేవాళ్లు మీతో పంచుకున్న క్యాలెండర్లోని గంటలు మీ తెర మీద మోగవు.

అన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే

గంట ఉంది, మెయిల్ ప్రధాన మెయిల్‌బాక్స్‌లోనే ఉంది, అయినా రాలేదు. అప్పుడు చేయాల్సిన పరీక్ష చిన్నది. క్యాలెండర్లో మూడు నిమిషాల తర్వాతకు ఒక నమోదు పెట్టి, రిమైండర్‌ను `0 minutes` చేసి దాచండి. ఔట్‌లుక్‌ను తెరిచే ఉంచండి. మూడు నిమిషాలకు కిటికీ వస్తే యంత్రాంగం బాగున్నట్టే, లోపం ఆ మెయిల్‌లోనో అది ఉన్న చోటులోనో వెతకాలి. రాకపోతే లోపం అమరికల్లో ఉంది.

ముందు `View` పట్టీలో `Reminders Window` నొక్కి చూడండి. మీ రిమైండర్ అక్కడ కనిపిస్తే అది వచ్చింది, మీరు వాడుతున్న వేరే కిటికీల వెనక ఉండిపోయింది. కనిపించకపోతే `File`, `Options`, `Advanced` దాకా వెళ్లి `Reminders` భాగం చూడండి. `Show reminders` ముందు టిక్ ఉండాలి. కొత్త కూర్పుల్లో `Show reminders on top of other windows` అనేది కూడా ఉంటుంది, వెనక దాక్కునే సమస్యకు మందు అదే. `Automatically dismiss reminders for past calendar events` అనే మూడోది టిక్ అయి ఉంటే, మీరు కంప్యూటర్ దగ్గర లేనప్పుడు ముగిసిపోయిన సమావేశాల గంటలు మీరు తిరిగొచ్చేసరికి మాయమై ఉంటాయి.

ఇవన్నీ సరిగ్గా ఉండి పరీక్ష ఇంకా విఫలమైతే, కనిపించని ఆ జాబితాయే పాడై ఉండవచ్చు. ఔట్‌లుక్‌ను పూర్తిగా మూసి, విండోస్ బొమ్మ ఉన్న మీటతో పాటు R నొక్కి, వచ్చిన గడిలో ఇది రాయండి:

```
outlook.exe /cleanreminders
```

ఔట్‌లుక్ తెరుచుకుంటూ పాత జాబితాను తుడిచి కొత్తగా కట్టుకుంటుంది. మెయిళ్లకు ఏమీ కాదు. ఎప్పుడో వదిలేసిన పాత గంటలు ఒక్కసారిగా వరుసకట్టి కనిపిస్తే కంగారుపడకండి. అక్కర్లేనివి తీసేసి, పరీక్ష మళ్లీ చేయండి.

ఔట్‌లుక్ మూసి ఉన్నప్పుడు గంట మోగదు, కంప్యూటర్ నిద్రలో ఉన్నప్పుడూ మోగదు. తిరిగి తెరిచాక దాటిపోయినవన్నీ ఒకేసారి చూపిస్తుంది. ఉదయం పది గంటల ఫోను సంగతి మధ్యాహ్నం రెండింటికి తెలియడం ఇలాగే జరుగుతుంది. కిటికీని చిన్నది చేసి అడుగు పట్టీలో ఉంచితే ఇబ్బంది లేదు, మూసేయకూడదు.

రేపు మీరో మెయిల్‌కు జెండా పెట్టినప్పుడు దాన్ని ఒకసారి తెరిచి `Reminder:` అనే మాట ఉందో లేదో చూడండి. ఉంటే, పని ముగిసేదాకా ఆ మెయిల్‌ను వేరే బీరువాలోకి మార్చకండి.