పేరులో అక్షరం పెరిగితే రాత మారుతుందా?

ధర్మసాగర్ పరిసర గ్రామాల్లో బిడ్డ పుడితే ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసి పేరు పెడతారు. ఆలోపే రెండు రకాల సలహాలు ఇంటికి చేరుతున్నాయి. ఒకటి, పేరు ఫలానా అక్షరంతో మొదలవ్వాలని. రెండోది, పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడితే ఫలానా సంఖ్య రావాలని. ఈ రెండు వాదనలూ దేని మీద నిలబడ్డాయో చూద్దాం.

అక్షరం వాదన పంచాంగం నుంచి వచ్చింది. నక్షత్రాలు 27, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108. ఒక్కో పాదానికి ఒక్కో అక్షరం కేటాయించారు. అశ్వినికి చూ, చే, చో, లా. బిడ్డ పుట్టినప్పుడు చంద్రుడు ఏ పాదంలో ఉంటే ఆ అక్షరంతో పేరు పెట్టాలంటారు. ఆరుద్ర మూడో పాదానికి వచ్చేది 'ఙ'. ఆ అక్షరంతో తెలుగులో పేరే లేదు. అప్పుడు వేరే అక్షరం సర్దుకోమంటారు. సర్దుకున్నా నష్టం లేనప్పుడు అసలు అక్షరానికి ఉన్న బలమేమిటి?

ఇంకో చిక్కుంది. చంద్రుడు ఒక పాదం దాటడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. ఆ ఆరు గంటల్లో వరంగల్ ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లలందరికీ ఒకటే అక్షరం. వాళ్లలో కూలి తల్లి బిడ్డ ఉంటుంది, భూస్వామి మనవడూ ఉంటాడు. వాళ్ల బతుకులను వేరు చేసేవి భూమి, చదువు, కులం. ఆ తేడాను అక్షరం వివరించలేదు.

ఇక సంఖ్యాశాస్త్రం. ఇందులో ఇంగ్లిష్ అక్షరాలకు విలువలిచ్చి, కూడి, ఒక్క అంకె మిగిలేదాకా మళ్లీ కూడతారు. మన దగ్గర ఎక్కువగా వాడే కాల్డియన్ పద్ధతిని ఐర్లాండ్‌కు చెందిన కైరో తన పుస్తకాలతో ప్రచారం చేశాడు. పైథాగరస్ పేరుతో మరో పద్ధతి ఉంది. 'కావ్య' అనే పేరును రెండింటిలోనూ లెక్కిద్దాం.

```
KAVYA
కాల్డియన్:  2+1+6+1+1 = 11, 1+1 = 2
పైథాగరస్: 2+1+4+7+1 = 15, 1+5 = 6
```

ఒకే పాపకు ఒక పద్ధతిలో 2, ఇంకో పద్ధతిలో 6. ఏది నిజమో తేల్చే పరీక్ష ఆ శాస్త్రంలోనే లేదు. స్పెల్లింగ్ KAAVYA అని మారిస్తే 3, 7 అవుతాయి. రెండు పద్ధతుల్లోనూ A విలువ ఒకటే కాబట్టి, ఒక్కో A చేర్చుకుంటూ పోతే ఎనిమిది అడుగుల్లోపే కోరుకున్న ఏ అంకెకైనా చేరవచ్చు. తెలుగులో మాత్రం ఆ పాప పేరు మొదట్నుంచీ కావ్యే. అమ్మ పిలిచే పిలుపులో ఏ మార్పూ లేదు.

పుట్టిన తేదీ అంకె కూడా ఇలాంటిదే. మన పెద్దతరంలో చాలామందికి తేదీ వేసింది బడిలో చేర్చుకున్న సారు. ఆయన అంచనాగా రాసిన తేదీని కూడి జాతకం చెబితే అది ఎవరి జాతకం?

"ఫలానా హీరో స్పెల్లింగ్ మార్చుకున్నాకే గెలిచాడు" అనేది ఎక్కువగా వినిపించే రుజువు. మార్చుకుని కూడా ఓడినవాళ్ల, మార్చకుండానే గెలిచినవాళ్ల లెక్క ఎవరూ చెప్పరు. ఆ నాలుగు గుంపులనూ పక్కపక్కన పెట్టి పోల్చితేనే రుజువు అవుతుంది. జాతకాల విషయంలో అలాంటి పరీక్ష ఒకటి జరిగింది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం మహారాష్ట్రలో చదువులో చురుకైన పిల్లల, మేధోవైకల్యం ఉన్న పిల్లల జాతకాలను కలిపి 27 మంది జ్యోతిష్యులకు తలా 40 ఇచ్చింది. ఎవరు ఏ గుంపో చెప్పాలి. సరైన జవాబులు సుమారు 46 శాతం. నాణెం ఎగరేసినా సగం సరిపోతాయి. ఇది పేర్ల మీద చేసిన పరీక్ష కాదు. కానీ పేరులో అక్షరాన్ని నిర్ణయించేది కూడా అదే జన్మ సమయం.

పేరుకు బలం లేదని మేము అనడం లేదు. ఆ బలం మనుషుల మధ్య ఉంటుంది. బ్రాహ్మణుడి పేరు శుభంగా, శూద్రుడి పేరు హీనంగా ఉండాలని మనుస్మృతి రెండో అధ్యాయం చెబుతుంది. ఎల్లయ్యను దొర 'ఎల్లిగా' అని పిలిచింది ఆ బుద్ధితోనే. 1888లో హైదరాబాద్‌లో పుట్టిన మాదరి భాగయ్య భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. ఆ పేరుకు గౌరవం తెచ్చింది ఆయన నడిపిన బడులు, ఆది హిందూ ఉద్యమం. అంకెల కూడిక కాదు.

అదనపు A వల్ల ఖాయంగా జరిగేది ఒకటుంది. జనన ధ్రువపత్రంలో KAVYA, ఆధార్‌లో KAAVYA, కుల ధ్రువపత్రంలో ఇంకోటి ఉంటే స్కాలర్‌షిప్ దరఖాస్తు దగ్గర బిడ్డ ఆగిపోవచ్చు. జననం నమోదైన ఏడాదిలోపు పేరును రుసుము లేకుండా రిజిస్టర్‌లో చేర్చుకోవచ్చు. నచ్చిన పేరు ఎంచుకుని, ఒక స్పెల్లింగ్ ఖాయం చేసి, అన్ని కాగితాల్లోనూ అదే రాయించండి.