ఏటా ఒక ఎఫ్‌డీ చేతికొచ్చేలా

బ్యాంకులో ఎఫ్‌డీ వేయడానికి వెళ్తే కౌంటరులో ముందుగా అడిగేది ‘ఎన్నాళ్లకి?’ అనే. చాలామంది ఆ రోజు బోర్డు మీద ఏ గడువుకు ఎక్కువ వడ్డీ కనిపిస్తే ఆ గడువుకే మొత్తం డబ్బు వేసేసి వస్తారు. చేతిలో ఉన్నది పది లక్షలైతే పది లక్షలకూ ఒకటే రసీదు, ఒకటే గడువు తేదీ. ఆ తేదీకి వడ్డీ రేట్లు ఎలా ఉంటాయో, ఆలోగా ఇంట్లో ఏ అవసరం వస్తుందో తెలియకుండానే రెండింటి మీదా పందెం కాసినట్టవుతుంది.

అదే డబ్బును నాలుగైదు ఎఫ్‌డీలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక్కో గడువు పెడితే ఆ పందెం అక్కర్లేదు. దీన్నే లాడరింగ్ అంటారు. నిచ్చెన మెట్లలాగా ఒకదాని తర్వాత ఒకటి వరసగా గడువు తీరుతుంటాయి. దీనివల్ల అందరికన్నా ఎక్కువ వడ్డీ రాదు. వడ్డీ రేట్లు ఎటు పోతాయో ఊహించాల్సిన అవసరం తప్పుతుంది. చిన్న అవసరానికి పెద్ద ఎఫ్‌డీని మధ్యలో బ్రేక్ చేయాల్సిన నష్టమూ తప్పుతుంది.

మెట్లు కట్టే పద్ధతి

నరసరావుపేటలో రిటైరైన ఒక హైస్కూలు టీచరు ఉన్నారనుకుందాం. నెల ఖర్చులకు పెన్షన్ సరిపోతుంది. రిటైర్మెంట్ సొమ్ములో పది లక్షలు ఎఫ్‌డీ వేయాలనుకున్నారు. రెండేసి లక్షల చొప్పున ఐదు ఎఫ్‌డీలు చేసి 1, 2, 3, 4, 5 సంవత్సరాల గడువులు పెట్టారు.

ఏడాది తిరిగేసరికి మొదటిది మెచ్యూర్ అవుతుంది. డబ్బు అవసరం ఉంటే తీసుకుంటారు. లేకపోతే ఆ రెండు లక్షలను తిరిగి ఏడాదికి కాదు, ఐదేళ్లకు వేస్తారు. కిటుకంతా ఇక్కడే ఉంది. ఎందుకంటే మిగిలిన నాలుగు ఎఫ్‌డీలూ అప్పటికి ఒక్కో ఏడాది దగ్గరపడి ఉంటాయి. రెండేళ్లది ఇంకో ఏడాదిలో, మూడేళ్లది ఇంకో రెండేళ్లలో తీరుతుంది. ఖాళీ అయింది చివరి మెట్టే కాబట్టి కొత్త ఎఫ్‌డీ అక్కడికే వెళ్లాలి. మరుసటి ఏడాదీ ఇలాగే చేస్తారు. నాలుగో ఏడు ముగిసేసరికి ఆయన దగ్గరున్నవన్నీ ఐదేళ్ల ఎఫ్‌డీలే అయినా, ఏటా ఒకటి చేతికొస్తూనే ఉంటుంది.

మెచ్యూరిటీ ఏ నెలలో పడాలన్నది కూడా మన చేతిలోనే ఉంది. మనవడి కాలేజీ ఫీజు జూన్‌లో కట్టాలంటే మే నెలాఖరుకు గడువు తీరేలా వేసుకోవచ్చు. ఏటా కాకుండా నెలనెలా డబ్బు అందుబాటులో ఉండాలనుకునేవారు నెలకొక ఎఫ్‌డీ చొప్పున పన్నెండు నెలలపాటు ఏడాది గడువుతో వేస్తే, పదమూడో నెల నుంచి ప్రతి నెలా ఒకటి మెచ్యూర్ అవుతుంది.

మధ్యలో అవసరమొస్తే

పద్నాలుగో నెలలో ఆ టీచరుకు లక్షన్నర అవసరం పడిందనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండేందుకు సీనియర్ సిటిజన్లకు ఇచ్చే అదనపు అర శాతంతో కలిపి ఐదేళ్ల ఎఫ్‌డీకి 7 శాతం, ఏడాది ఎఫ్‌డీకి 6.75 శాతం అనుకుందాం.

ముందుగా, పది లక్షలూ ఒకే ఐదేళ్ల ఎఫ్‌డీలో ఉంటే ఏమవుతుందో చూద్దాం. గడువుకు ముందు బ్రేక్ చేస్తే బ్యాంకు ఒప్పుకున్న 7 శాతం ఇవ్వదు. డబ్బు నిజంగా ఉన్న కాలానికి, అంటే ఏడాది పైచిలుకు గడువుకు, ఎఫ్‌డీ వేసిన రోజున ఉన్న రేటు చూస్తుంది. అది 6.75. అందులోంచి పెనాల్టీ తీసేస్తుంది. ఐదు లక్షల లోపు ఎఫ్‌డీకి అర శాతం, అది దాటితే ఒక శాతం పెనాల్టీ వేసే బ్యాంకులున్నాయి. ఆ లెక్కన చేతికొచ్చేది 5.75 శాతమే. పది లక్షల మీద పద్నాలుగు నెలలకు 1.25 శాతం తేడా అంటే సుమారు 14,500 రూపాయలు. మూడు నెలలకోసారి వడ్డీ తీసుకుంటూ ఉంటే, ఎక్కువగా ఇచ్చిన ఆ వడ్డీని బ్యాంకు అసలులోంచి కోసుకుంటుంది. కావలసింది లక్షన్నరే అయినా నష్టం పది లక్షల మీద పడింది. పైగా మిగిలిన ఎనిమిదిన్నర లక్షలను ఆ రోజు ఏ రేటు ఉంటే ఆ రేటుకే మళ్లీ వేసుకోవాలి.

మెట్లుగా విడగొట్టి ఉంటే? పన్నెండో నెలలో తిరిగి వేసిన రెండు లక్షల ఎఫ్‌డీకి అప్పటికి రెండు నెలల వయసే. దాన్ని బ్రేక్ చేస్తే పోయేది ఆ రెండు నెలల వడ్డీలో కొంత భాగం. అరవై రోజుల రేటు 5 శాతమై, అర శాతం పెనాల్టీ పోయి 4.5 వచ్చిందనుకున్నా నష్టం ఎనిమిది వందల రూపాయల చిల్లర. మిగతా నాలుగు ఎఫ్‌డీలు కదలవు. అందుకే మెట్లలో ఒకదాన్ని బ్రేక్ చేయక తప్పనప్పుడు సాధారణంగా అన్నిటికన్నా ఆఖరున వేసినదాన్ని ఎంచుకోవాలి. పాత ఎఫ్‌డీని కదిపితే పెనాల్టీ అన్నేళ్ల వడ్డీకీ తగులుతుంది.

అవసరం పదో నెలలోనే వచ్చిందనుకోండి. మొదటి మెట్టు గడువు ఇంకా రెండు నెలలే ఉంది. అప్పుడు దాన్ని బ్రేక్ చేయకుండా దాని మీద లోను తీసుకోవడం మేలు. ఎఫ్‌డీ విలువలో తొంభై శాతం దాకా, ఎఫ్‌డీ రేటుకు సుమారు ఒక శాతం ఎక్కువ వడ్డీకి లోను దొరుకుతుంది. ఎఫ్‌డీ మీద వడ్డీ యథాప్రకారం వస్తూనే ఉంటుంది కాబట్టి నికరంగా పడే భారం ఆ ఒక్క శాతమే. లక్షన్నరకు రెండు నెలలకు 250 రూపాయలు.

రేట్లు మారినప్పుడు

ఇటీవలి సంవత్సరాలు చూస్తే ఈ పద్ధతి చేసే పని తెలుస్తుంది. 2020 మే నుంచి 2022 మే దాకా రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 శాతం దగ్గరే ఉంది. 2020 చివర్లో స్టేట్ బ్యాంకులో ఐదేళ్ల ఎఫ్‌డీకి మామూలు ఖాతాదారుకు వచ్చింది 5.40 శాతం. ఆ తర్వాత తొమ్మిది నెలల్లోనే రెపో రేటు 6.50కి చేరింది. 2023 ఏప్రిల్‌లో అదే బ్యాంకు 400 రోజుల ప్రత్యేక ఎఫ్‌డీకి 7.10 శాతం ఇచ్చింది. 2020లో మొత్తం డబ్బు ఐదేళ్లకు వేసినవారు మాత్రం 2025 దాకా 5.40 తోనే ఉండిపోయారు. మెట్లు కట్టినవారికి 2022 చివర్లో, 2023లో, 2024లో ఒక్కో ఎఫ్‌డీ తీరింది. ఆ మూడూ పెరిగిన రేట్లను అందుకున్నాయి.

2025లో గాలి ఇటు తిరిగింది. ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా రెపో రేటు దఫదఫాలుగా 5.25కి దిగింది. ఏడాదికోసారి మొత్తాన్ని రెన్యువల్ చేసుకుంటూ వచ్చినవారికి ఒక్కసారిగా ఆదాయం తగ్గింది. మెట్లున్నవారికి తగ్గింది ఆ ఏడాది తీరిన ఒక్క మెట్టు మీదే. రేట్లు పెరిగేటప్పుడు పూర్తి లాభం రాదు, తగ్గేటప్పుడు పూర్తి దెబ్బ తగలదు. రెండింటికీ నడుమ ఉంటుంది.

మన బ్యాంకుల తీరు వేరు

గడువు పెరిగేకొద్దీ వడ్డీ పెరుగుతుందన్న లెక్క మీద ఐదేళ్ల మెట్లు కట్టమంటారు. మన బ్యాంకుల్లో తరచూ అలా ఉండదు. 400, 444 రోజుల ప్రత్యేక ఎఫ్‌డీలకో, రెండు మూడేళ్ల గడువుకో అన్నిటికన్నా ఎక్కువ రేటు ఉండి, ఐదేళ్లకు దానికన్నా తక్కువ ఉండడం మామూలే. అలాంటప్పుడు ఐదు మెట్లు అక్కర్లేదు. 1, 2, 3 ఏళ్ల మూడు మెట్లు చాలు. తీరినదాన్ని ప్రతిసారీ మూడేళ్లకు వేయాలి. 444 రోజుల పథకం ఆకర్షణీయంగా ఉంటే ఒక మెట్టుకు వాడుకోవచ్చు. కాకపోతే ప్రతి రెన్యువల్‌కూ గడువు తేదీ రెండున్నర నెలలు జరుగుతుందని, జూన్ ఫీజుకు అనుకున్న డబ్బు ఆగస్టులో వస్తుందని లెక్క చూసుకోవాలి. పన్ను మినహాయింపు కోసం వేసే ఐదేళ్ల టాక్స్ సేవర్ ఎఫ్‌డీ ఇందులో మెట్టుగా పనికిరాదు. దాన్ని గడువుకు ముందు తీయనివ్వరు.

రెండు పొరపాట్లు

ఈ మెట్లు ఎక్కువగా చెడేది ఆటో రెన్యువల్ వల్ల. ఎఫ్‌డీ వేసేటప్పుడు ఫారంలోనో, యాప్‌లోనో ఆ గడిలో టిక్ పెట్టేస్తే, తీరిన ఎఫ్‌డీని బ్యాంకు మొదట పెట్టిన గడువుకే తిరిగి వేస్తుంది. ఏడాది మెట్టు ఐదేళ్లకు మారకుండా ఏడాది చొప్పునే తిరుగుతూ పోతుంది. రెండేళ్ల తర్వాత రసీదులు తీసి చూస్తే రెండు ఎఫ్‌డీలు ఒకే నెలలో తీరుతుంటాయి, చివరి మెట్టు ఖాళీగా ఉంటుంది. అలా కనిపిస్తే మెట్లు కూలిపోయినట్టే. మెచ్యూరిటీ సొమ్ము సేవింగ్స్ ఖాతాలో జమ చేయమని రాసిస్తే ఈ చిక్కు లేదు. కానీ గడువు తేదీలు డైరీలో రాసుకోవాలి. మరచిపోతే ఆ డబ్బు సేవింగ్స్ ఖాతాకిచ్చే అతి తక్కువ వడ్డీకి పడి ఉంటుంది.

రెండో పొరపాటు, ఎఫ్‌డీలు విడగొట్టాం కాబట్టి డబ్బు భద్రమనుకోవడం. డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక వ్యక్తికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకానే. ఐదు ఎఫ్‌డీలు ఒకే బ్యాంకులోని ఐదు శాఖల్లో వేసినా లెక్క ఒకటే. 2001లో హైదరాబాద్‌లో కృషి సహకార బ్యాంకు కుప్పకూలినప్పుడు ఈ పరిమితి లక్ష రూపాయలే. 2020 ఫిబ్రవరిలో ఐదు లక్షలైంది. మన టీచరు రెండు బ్యాంకుల్లో రెండేసి, మూడో బ్యాంకులో ఒకటి వేస్తే ఎక్కడా అసలు నాలుగు లక్షలు దాటదు. వడ్డీని ఎప్పటికప్పుడు తీసుకుంటూ ఉంటే పరిమితి లోపలే ఉంటుంది.

ఎవరికి పనికిరాదు

ఒకే తేదీకి మొత్తం డబ్బు కావలసినవారికి మెట్లు అనవసరం. రెండేళ్లలో కూతురి పెళ్లి, లేదా ఏడాదిన్నరలో ఇంటి స్థలానికి చివరి వాయిదా ఉంటే ఆ తేదీకి నెల ముందు తీరేలా వేసుకోవాలి. అందులో కొంత నాలుగేళ్లకో, ఐదేళ్లకో వేస్తే, తప్పించుకోవాలనుకున్న పెనాల్టీనే చివరికి కట్టాల్సివస్తుంది. ఎప్పుడు ఎంత కావాలో ముందే తెలియనివారికే ఈ పద్ధతి. పెన్షన్ మీద బతుకుతూ కొంత నిల్వ ఉంచుకున్నవాళ్లు, పంట చేతికొచ్చిన ఏడాది మిగిలింది దాచుకునే రైతులు, ఒక నెల వచ్చి ఒక నెల రాని ఆదాయంతో నడిచే చిన్న వ్యాపారులు అలాంటివాళ్లే. వీళ్లు బ్యాంకుకు వెళ్లేముందు ఒక కాగితం మీద వచ్చే మూడేళ్లలో తప్పనిసరిగా వచ్చే ఖర్చులు, వాటి నెలలు రాసుకుని, ఎఫ్‌డీల గడువులు వాటినిబట్టి పెట్టుకోవాలి. బోర్డు మీది రేటు చూడాల్సింది ఆ తర్వాతే.