అడుగుకు ఎంత? అసలు అడుగులెన్ని?

ఫ్లాటుకు మళ్లీ రంగులు వేయించాలనుకోగానే పెయింటింగ్ మేస్త్రీతో ‘అడుగుకు ఎంత?’ అంటూ బేరం మొదలుపెడతాం. అతను పన్నెండంటాడు, మనం పదికి దింపి సంబరపడతాం. ఎన్ని అడుగులకు కడుతున్నామో మాత్రం అడగం.

హైదరాబాద్‌లో 1,500 చదరపు అడుగుల మూడు బెడ్‌రూముల ఫ్లాటు ఒకటి తీసుకుందాం. కాగితాల్లో ఉన్న ఆ 1,500లో లిఫ్టు, మెట్లు, కారిడార్లలో మన వాటా కూడా కలిసి ఉంటుంది. లోపలి నేల 1,100 దాకా ఉంటుందంతే. గోడలు, సీలింగు కలిపి నేలకు మూడున్నర రెట్లని మేస్త్రీలు ఉజ్జాయింపుగా లెక్కేస్తారు. 1,100 మీద వేస్తే అది 3,850. అదే 1,500 మీద వేస్తే 5,250! పది రూపాయల రేటుకు తేడా 14,000.

అందుకే టేపు పట్టుకుని కొలవడం మేలు. 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు ఉన్న బెడ్‌రూమ్ చుట్టుకొలత 46 అడుగులు. ఎత్తు తొమ్మిదిన్నర అయితే నాలుగు గోడలూ కలిపి 437. అందులో తలుపులు, కిటికీ, గోడకు బిగించిన వార్డ్‌రోబ్ వెనక భాగం కలిపి వంద దాకా పోతాయి. చిన్న కిటికీలను కొందరు తీసెయ్యరు. అంచులు గీయడానికీ టైమ్ పడుతుంది కాబట్టి అది అన్యాయమేమీ కాదు. వార్డ్‌రోబ్‌ను మాత్రం వదలకండి. ఇలా గదిగదికీ కొలిస్తే మన ఫ్లాటులో గోడలు 2,750, సీలింగు 1,050 వచ్చాయనుకుందాం.

ఇక రంగు. డబ్బా మీద ఒక లీటరు ఎన్ని అడుగులకు వస్తుందో రాస్తారు. అది ఒక కోటుకా, రెండు కోట్లకా అన్నది చూసుకోకపోతే సగం పనిలో డబ్బా ఖాళీ అవుతుంది. ఒక కోటుకు 240 అనుకుంటే, గోడలకు రెండు కోట్లంటే 5,500 అడుగులు, అంటే 23 లీటర్లు. వృథాతో కలిపి 25. లీటరు 350 చొప్పున 8,750. సీలింగు తెలుపుకు పది లీటర్లు, 2,000. ప్రైమరు, పుట్టీ, సాండ్‌పేపరు వగైరా 3,500. సామాను మొత్తం 14,250. కూలి 3,800 అడుగులకు పది చొప్పున 38,000. వెరసి 52,250. దాదాపు మూడొంతులు కూలికే పోతున్నప్పుడు చవకరకం రంగు కొని మిగిల్చేది ఏపాటి?

ఈ లెక్క పాత రంగు గట్టిగా ఉన్న గోడలకే. అరచేత్తో రుద్ది చూడండి. పొడి అంటుకుంటే గీకి ప్రైమరు కొట్టాలి, కూలి పెరుగుతుంది. ముదురు రంగు మీద లేతరంగు వేస్తే మూడో కోటు తప్పకపోవచ్చు. బాత్రూమ్ గోడకు అవతలి వైపు పెచ్చులు లేస్తుంటే ముందు పిలవాల్సింది ప్లంబర్ని. చెమ్మ ఆగకుండా పుట్టీ పెడితే ఆ పెచ్చులు మళ్లీ లేస్తాయి.