బిల్లు ఫొటో, నోటి మాట... ఒకే వరసలో

కరెంటు బిల్లును ఫొటో తీసి, "ఈ నెల ఇంతెందుకొచ్చింది?" అని తెలుగులో నోటితోనే అడిగితే జవాబు చెప్పే ఏఐ ఇప్పుడు చాలామంది ఫోన్లలో ఉంది. ఫొటో కంటికి సంబంధించింది, గొంతు చెవికి సంబంధించింది, తెర మీద కనిపించే జవాబు అక్షరాలకు సంబంధించింది. ఈ మూడింటినీ ఒకే మోడల్ ఎలా అర్థం చేసుకుంటోంది?

మొన్నమొన్నటిదాకా ఒకే మోడల్ చేసేది కాదు, మూడు మోడళ్లు కలిసి చేసేవి. మొదటిది మన మాట విని రాతగా మార్చేది. రెండోది ఆ రాత చదివి జవాబు రాసేది. మూడోది ఆ జవాబును పైకి చదివి వినిపించేది. ఓపెన్‌ఏఐ సంస్థ చెప్పిన లెక్క ప్రకారం జీపీటీ-4తో ఈ తతంగానికి సగటున 5.4 సెకన్లు పట్టేది. ఆలస్యం ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. మాట రాతగా మారేటప్పుడే గొంతులోని విసుగు, వెనకాల పిల్లాడి ఏడుపు, మాట్లాడింది ఒకరా ఇద్దరా అన్న సంగతి రాలిపోయేవి. జవాబు రాసే మోడల్‌కు అవి చేరేవే కావు. 2024 మే నెలలో వచ్చిన జీపీటీ-4ఓ మూడు పనులనూ ఒకే మోడల్‌లోకి తెచ్చింది, జవాబుకు పట్టే సమయం సగటున 0.32 సెకనుకు తగ్గింది. అయితే దాని లోపలి నిర్మాణాన్ని ఆ సంస్థ బయటపెట్టలేదు. కాబట్టి లోపలి సంగతులు ప్రకటించిన మోడళ్లను పట్టుకునే మన బిల్లు ప్రయాణం చూద్దాం.

మోడల్‌కు తెలిసింది అంకెలే. మనం రాసిన వాక్యాన్ని అది ముందు ముక్కలు చేస్తుంది. ఈ ముక్కలనే టోకెన్లంటారు. ఒక్కో టోకెన్ స్థానంలో ఒక అంకెల వరస పెడుతుంది. ఒక మోస్తరు మోడల్‌లో ఈ వరసలో 4,096 అంకెలుంటాయి. ఆ తర్వాత జరిగేదంతా ఆ వరసల మీద గుణకారాలూ కూడికలే. అంటే ఫొటోనూ గొంతునూ కూడా సరిగ్గా అంతే పొడవున్న అంకెల వరసలుగా మార్చగలిగితే, ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందన్న పట్టింపు మోడల్‌కు ఉండదు.

ఫొటో విషయంలో ఈ పని ఎలా జరుగుతుందో 2023లో వచ్చిన లావా అనే మోడల్ తేటగా చూపించింది. విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి చేసింది. దాని 1.5 రూపం ఫొటోను నిలువూ అడ్డం 336 పిక్సెళ్ల చదరంగా కుదిస్తుంది. దాన్ని 14 పిక్సెళ్ల చిన్న గళ్లుగా కోస్తుంది. వరసకు 24 గళ్ల చొప్పున 24 వరసలు, మొత్తం 576 గళ్లు. ఒక్కో గడిని క్లిప్ అనే మరో మోడల్ చదివి 1,024 అంకెల వరసగా మారుస్తుంది. 40 కోట్ల ఫొటోలనూ, వాటి పక్కన రాసిన మాటలనూ జతలుగా చూసి నేర్చుకున్న మోడల్ అది. ఇక మిగిలింది 1,024 అంకెల వరసను 4,096 అంకెల వరసగా మార్చే చిన్న వంతెన. లావా శిక్షణలో మొదటి దశ అంతా ఆ వంతెన కోసమే. కన్ను లాంటి క్లిప్‌నూ, మాట తెలిసిన మోడల్‌నూ కదపకుండా ఉంచి, మధ్యలో ఉన్న వంతెన ఒక్కదానికే తర్ఫీదునిచ్చారు. ఇంత చిన్న వంతెనతో పని జరగడం చాలామందిని ఆశ్చర్యపరిచింది.

గొంతుదీ దాదాపు ఇదే దారి. మైకు నుంచి వచ్చే ధ్వనిని సెకనుకు 16,000 సార్లు కొలుస్తారు. అన్ని కొలతలను నేరుగా మోడల్‌కు ఇస్తే తట్టుకోలేదు. అందుకని సెకనులో నూరో వంతుకొకసారి ఆగి, ఆ క్షణాన సన్నటి స్వరం ఎంత ఉంది, బొంగురు స్వరం ఎంత ఉంది అని పదుల సంఖ్యలో పట్టీలుగా విడగొట్టి రాసుకుంటారు. అలా చేస్తే శబ్దం కూడా ఒక రకం బొమ్మ అయిపోతుంది. అడ్డంగా కాలం, నిలువుగా స్వరం. ఆ బొమ్మను ఇంకా కుదించి టోకెన్లు చేస్తారు. 2025 సెప్టెంబరులో అలీబాబా విడుదల చేసిన క్వెన్3-ఓమ్ని మోడల్‌లో సెకను మాటకు 12.5 టోకెన్లు పడతాయి. మన ప్రశ్న నాలుగు సెకన్లు అనుకుంటే 50 టోకెన్లు. (తెలుగువాళ్లకు ఇందులో చిన్న లాభం ఉంది. రాతలో తెలుగు పదాలు ఇంగ్లిషు పదాల కంటే ఎక్కువ ముక్కలవుతుంటాయి. మాట్లాడితే ఏ భాషయినా లెక్క సెకన్లను బట్టే.)

ఇప్పుడు ఫొటోవి 576, గొంతువి 50, అన్నీ ఒకే వరసలో నిలబడ్డాయి. మోడల్‌లోని ప్రతి అంతస్తులోనూ రెండు పనులు జరుగుతాయి. మొదటి పనిలో ప్రతి టోకెన్ మిగతా వాటిని చూసి, తనకు సంబంధించిన వాటి నుంచి సమాచారం తీసుకుంటుంది. "ఇంతెందుకు" అన్న శబ్దం తాలూకు టోకెన్లు బిల్లులో యూనిట్లు, మొత్తం సొమ్ము ఉన్న గళ్లతో ముడిపడేది ఇక్కడే. రెండో పనిలో ఒక్కో టోకెన్‌ను విడిగా తీసుకుని పెద్ద పెద్ద అంకెల పట్టికలతో గుణిస్తారు. మోడల్ నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఈ పట్టికల్లోనే ఉంటుంది. ఖర్చు కూడా ఎక్కువగా ఇక్కడే.

మూడు రకాల సమాచారం నేర్వాలంటే పట్టికలు పెద్దవి కావాలి. అవి పెద్దవైతే ప్రతి టోకెన్‌కూ ఖర్చు పెరుగుతుంది. దీన్నుంచి తప్పించుకునే ఉపాయమే మిక్స్చర్ ఆఫ్ ఎక్స్‌పర్ట్స్. దీని మూల ఆలోచన 1991 నాటిది, జెఫ్రీ హింటన్ తదితరులు రాసిన పత్రంలోది. నేటి మోడళ్లలో దాని పనితీరు చూడాలంటే ఫ్రాన్సుకు చెందిన మిస్ట్రాల్ సంస్థ 2023 డిసెంబరులో విడుదల చేసిన మిక్స్‌ట్రాల్ మంచి ఉదాహరణ. అది రాత ఒక్కటే తెలిసిన మోడల్, కానీ యంత్రాంగం ఏ మోడల్‌లోనయినా ఇదే. ప్రతి అంతస్తులోనూ ఒక పట్టికకు బదులు ఎనిమిది పట్టికలుంటాయి. వాటి ముందు రౌటర్ అనే చిన్న భాగం ఉంటుంది. టోకెన్ రాగానే రౌటర్ ఎనిమిదింటికీ మార్కులు వేసి, మొదటి రెండింటినే పనిలోకి దింపుతుంది. వాటి వాటాలు 70, 30 అని తేలితే, వచ్చిన ఫలితాలను అదే నిష్పత్తిలో కలుపుతారు. మిగతా ఆరు ఆ టోకెన్ జోలికి రావు. ఇలా 32 అంతస్తుల్లో 32 సార్లు ఎంపిక జరుగుతుంది. మోడల్‌లో మొత్తం 4,670 కోట్ల అంకెలున్నా ఒక్కో టోకెన్ కోసం కదిలేవి 1,290 కోట్లు మాత్రమే.

తగ్గింది లెక్కల శ్రమే, చోటు కాదు. తర్వాతి టోకెన్ ఏ పట్టికను అడుగుతుందో తెలియదు కాబట్టి ఎనిమిదీ సిద్ధంగా ఉండాల్సిందే. అంకెకు రెండు బైట్ల చొప్పున వేసుకున్నా దగ్గరదగ్గర 93 గిగాబైట్ల మెమరీ కావాలి. అంత మెమరీ ఫోన్లలో ఉండదు కనుక ఈ పరిమాణం మోడల్‌ను వాడితే మన ఫొటో ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌కు వెళ్లి రావలసిందే.

ఎక్స్‌పర్ట్ అన్న పేరు చూసి చాలామంది పొరబడుతుంటారు. ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసే మనిషి ఎముకల నొప్పిని ఒక డాక్టరు దగ్గరికీ, కంటి నొప్పిని ఇంకో డాక్టరు దగ్గరికీ పంపినట్టు ఊహించుకుంటారు. మిక్స్‌ట్రాల్ తయారుచేసినవాళ్లు అలా ఉందేమోనని వెతికారు. జీవశాస్త్రం, తత్త్వశాస్త్రం, గణితం, ఏ విషయానికీ విడిగా ఎక్స్‌పర్ట్ కనిపించలేదు. కంప్యూటర్ కోడ్‌లో పదేపదే వచ్చే మాటలు, వరస మొదట్లో వదిలే ఖాళీలు ఒకే ఎక్స్‌పర్ట్ దగ్గరికి వెళ్లడం లాంటి పైపై పోలికలే కనిపించాయి.

ఫొటోలూ రాతా కలిపిన మోడల్‌లో మాత్రం వేరే సంగతి తేలింది. 2022లో గూగుల్ పరిశోధకులు లైమో అనే మోడల్ చేశారు. ఏ ఎక్స్‌పర్ట్ ఏం చూడాలో ఎవరూ చెప్పలేదు. శిక్షణ ముగిసేసరికి కొన్ని ఫొటోలకే పరిమితమయ్యాయి, కొన్ని రాతకు, కొన్ని రెండింటికీ. ఫొటోల వాటిల్లో మొక్కల దగ్గర, కళ్ల దగ్గర, చక్రాల దగ్గర పనిచేసేవి వేర్వేరుగా తేలాయి.

అది అంత సాఫీగా ఏమీ జరగలేదు. రౌటర్‌కు ఒక దుర్గుణం ఉంది. మొదట్లో ఏదో ఒక ఎక్స్‌పర్ట్ కాస్త మెరుగ్గా ఉంటే అన్నీ దాని దగ్గరికే పంపుతుంది. దానికే సాధన దొరుకుతుంది, మిగతావి బండబారిపోతాయి. పైగా చాలా మోడళ్లలో ఒక్కో ఎక్స్‌పర్ట్ ఇన్ని టోకెన్లే తీసుకోవాలన్న పరిమితి ఉంటుంది. ఆ పరిమితి దాటి వచ్చినవి ఆ అంతస్తులో ఏ ఎక్స్‌పర్ట్ చేతిలోనూ పడకుండానే పైకి పోతాయి. అందుకని అందరికీ సమానంగా పంచకపోతే జరిమానా అన్న నియమం శిక్షణలో పెడతారు. రెండు రకాల సమాచారం కలిస్తే ఆ నియమం మోసపోతుంది. లైమో ఎదుర్కొన్న చిక్కును మన బిల్లు లెక్కలో చెప్పుకుందాం. మొత్తం 626 టోకెన్లు, ఎనిమిది ఎక్స్‌పర్ట్‌లు, టోకెన్‌కు ఒక ఎక్స్‌పర్ట్ చొప్పున పంచితే తలా 78. గొంతు టోకెన్లు యాభయ్యీ ఒకే ఎక్స్‌పర్ట్ దగ్గర కుక్కినా దాని వాటా 78 దాటదు. కాగితం మీద పంపకం సమానంగానే ఉంది, కానీ గొంతు పని మొత్తం ఒక్కదాని మీదే పడింది. లైమో బృందం దీనికి రెండు షరతులు చేర్చింది. ఒక్కో టోకెన్ విషయంలో రౌటర్ ఊగిసలాడకూడదు. సంఖ్యలో తక్కువున్న రకం, లైమోలో అయితే రాత, మొత్తం మీద కనీసం కొన్ని ఎక్స్‌పర్ట్‌లకైనా చేరాలి. రెండూ పెట్టాకే శిక్షణ కుదుటపడింది. మూడు రకాలనూ కలిపిన క్వెన్3-ఓమ్నిలో దాదాపు 3,000 కోట్ల అంకెలుంటే ఒక్కో టోకెన్‌కు కదిలేవి 300 కోట్లే.

ఇక వాడేవాళ్లకు ఎదురయ్యే తప్పు చాలాసార్లు ఎక్స్‌పర్ట్‌ల దాకా పోనే పోదు, ఫొటో కుదించేటప్పుడే జరిగిపోతుంది. ఫోన్ ఫొటో పొడవు 4,000 పిక్సెళ్లనుకుందాం. బిల్లులో ఒక అంకె ఎత్తు 40 పిక్సెళ్లు. ఫొటోను 336కు కుదిస్తే ఆ అంకె మూడు పిక్సెళ్లకు కాస్త పైన మిగులుతుంది. అందులో 3 ఏదో, 8 ఏదో మన కంటికే తెలియదు. మోడల్ మాత్రం తడుముకోకుండా ఒక అంకె చెప్పేస్తుంది, ఆ తప్పుడు యూనిట్ల మీదే చక్కటి వివరణ అల్లుతుంది. తర్వాతి మోడళ్లు ఫొటోను పెద్ద పలకలుగా విడదీసి చదువుతున్నాయి. 2024 జనవరి నాటి లావా-నెక్స్ట్ నాలుగు పలకలనూ, మొత్తం బొమ్మనూ కలిపి 2,880 టోకెన్ల దాకా వాడుతుంది. దానితో 40 పిక్సెళ్ల అంకె ఏడు పిక్సెళ్లకు చేరుతుంది. మేలే గానీ, వాన చినుకు పడి వెలిసిపోయిన బిల్లుకు అదీ చాలదు.

కాబట్టి ఈసారి బిల్లు మొత్తాన్ని ఫొటో తీయకండి. యూనిట్లు, పాత రీడింగు, కొత్త రీడింగు ఉన్న భాగాన్నే దగ్గరగా తీయండి. ముందు ఆ అంకెలను చదివించి చేతిలోని కాగితంతో సరిచూసుకోండి. అవి సరిపోయాకే "ఇంతెందుకొచ్చింది?" అని అడగండి.