వెళ్లిపోయిన ఫోన్లు పట్టుకున్న అడ్రసులు

వైఫైలో చేరిన ప్రతి ఫోనుకూ రౌటర్ ఒక ఐపీ అడ్రసు ఇస్తుంది. ఇచ్చేది గడువు పెట్టే. ఆ గడువును లీజు అంటారు, ఇచ్చే పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు. లీజులో సగం కాలం గడిచేసరికి ఫోను ఇంకా అక్కడే ఉంటే, తనే రౌటర్‌ని అడిగి గడువు పొడిగించుకుంటుంది. వెళ్లిపోయేటప్పుడు మాత్రం సాధారణంగా చెప్పి వెళ్లదు. అడ్రసు వదులుకునే సందేశం ఆ పద్ధతిలో ఉంది గానీ, జేబులో ఫోనుతో గడప దాటినవాడి ఫోను దాన్ని పంపే అవకాశం తక్కువ. గడువు తీరేదాకా ఆ అడ్రసు అతని పేరనే ఉండిపోతుంది.

ఇంట్లో ఇది ఎవరికీ తెలియదు. రోజంతా మనుషులు వచ్చిపోయే టిఫిన్ హోటల్లో తెలుస్తుంది. ఒక హోటల్ రౌటర్‌లో అతిథుల కోసం 150 అడ్రసులున్నాయనీ, లీజు 24 గంటలనీ అనుకుందాం. పొద్దున 7 నుంచి గంటకు 40 కొత్త ఫోన్లు చేరుతుంటే, పదకొండు కాకముందే 150 అడ్రసులూ అయిపోతాయి. మనిషికి అరగంట చొప్పున చూస్తే ఆ సమయానికి లోపల ఉన్నవి సుమారు 20 ఫోన్లే!

అప్పుడు వచ్చినవాడి ఫోనులో సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, నెట్ రాదు. ల్యాప్‌టాప్ అయితే 169.254తో మొదలయ్యే అడ్రసు తనకు తానే పెట్టుకుంటుంది. పక్క బల్ల మీద ముందే చేరిన ఫోను మాత్రం హాయిగా నడుస్తుంటుంది. జబ్బు లైనుది కాదని, అడ్రసులదని పోల్చుకునే గుర్తు ఇదే. లైను పోతే అందరికీ పోయేది.

లీజును ఒక గంటకు తగ్గిస్తే లెక్క మారిపోతుంది. అరగంట కూర్చున్న ఫోను వెళ్లేముందు ఒకసారి గడువు పొడిగించుకున్నా, చేరినప్పటి నుంచి గంటన్నరకు దాని అడ్రసు ఖాళీ అవుతుంది. గంటకు 40 చొప్పున ఎప్పుడు చూసినా 60కి మించి వాడకంలో ఉండవు. చాలా రౌటర్లలో ఉండే డీఎన్ఎస్‌మాస్క్‌లో అయితే మార్పంతా ఈ ఒక్క వరుసలోనే:

```
dhcp-range=192.168.1.100,192.168.1.249,1h
```

పొద్దున ఇచ్చేసిన లీజులకు మాత్రం పాత 24 గంటలే వర్తిస్తాయి. అందుకే రాత్రి హోటల్ మూశాక పాత లీజుల పట్టికను తుడిచేయడం మేలు. జనం ఉండగా తుడిస్తే ఒకే అడ్రసు ఇద్దరి చేతిలో పడవచ్చు. పట్టికను తాత్కాలిక మెమరీలోనే ఉంచుకునే రౌటర్‌ని ఆపి వేస్తే కాసేపు బాగుపడినట్టు కనిపించేది కూడా అది చెరిగిపోవడం వల్లే.

మరీ 5 నిమిషాలకు తగ్గించడమూ తప్పే. ప్రతి ఫోనూ రెండున్నర నిమిషాలకోసారి అడుగుతుంది. రౌటర్ కాసేపు మూగబోతే లోపలున్నవాళ్ల అడ్రసులూ చెల్లకుండా పోతాయి. పెళ్లి హాలులో ఒకేసారి 300 ఫోన్లు చేరితే లీజు ఎంత తగ్గించినా 150 అడ్రసులు చాలవు. అక్కడ నెట్‌వర్క్‌నే పెద్దది చేయాలి. మాస్క్‌ను 255.255.254.0గా మారిస్తే 510 అడ్రసులు అందుబాటులోకి వస్తాయి.