డెబిట్ ఎటు, క్రెడిట్ ఎటు: సమీకరణం చెప్పే సమాధానం

చిట్టా పద్దు రాసేటప్పుడు ఏ ఖాతాను డెబిట్ చేయాలి, దేన్ని క్రెడిట్ చేయాలి అన్నది అకౌంటింగ్ మొదలుపెట్టినవారికి ఎదురయ్యే తొలి ప్రశ్న. దీనికి సమాధానం ఒక్క సమీకరణంలో ఉంది:

ఆస్తులు = అప్పులు + మూలధనం

వ్యాపారం చేతిలో ఉన్న ప్రతి రూపాయి ఆస్తీ బయటివారికి చెల్లించాల్సినదైనా కావాలి, యజమానిదైనా కావాలి. అందుకే ఈ రెండు వైపులూ ఎప్పుడూ సమానంగా ఉంటాయి. ఖాతాలో డెబిట్ అంటే ఎడమ వైపు, క్రెడిట్ అంటే కుడి వైపు. సమీకరణంలో ఎడమన ఉన్న ఆస్తి పెరిగితే దాన్ని ఎడమన, అంటే డెబిట్‌లో రాస్తారు. తగ్గితే క్రెడిట్‌లో రాస్తారు. కుడివైపున్న అప్పు, మూలధనం పెరిగితే క్రెడిట్, తగ్గితే డెబిట్.

ఆదాయం, ఖర్చు సమీకరణంలో విడిగా కనిపించవు. అవి మూలధనంలోనే దాగి ఉన్నాయి. ఆదాయం యజమాని వాటాను పెంచుతుంది కాబట్టి క్రెడిట్. ఖర్చు ఆ వాటాను తగ్గిస్తుంది కాబట్టి డెబిట్. యజమాని ఇంటి అవసరాలకు తీసుకున్న సొమ్ము కూడా వాటాను తగ్గించేదే. అందుకే సొంతవాడకాల ఖాతాను డెబిట్ చేస్తారు.

పరీక్షలో ఇచ్చే లెక్కలాంటిదే ఒకటి చూద్దాం. ఒకరు లక్ష రూపాయల నగదుతో కుట్టు దుకాణం తెరిచారు. నగదు అనే ఆస్తి పెరిగింది, యజమాని మూలధనమూ పెరిగింది. నగదు ఖాతా డెబిట్, మూలధనం ఖాతా క్రెడిట్. తర్వాత 30,000 రూపాయలకు కుట్టు యంత్రాలు కొని, 10,000 నగదు ఇచ్చి, మిగతాది అరువు పెట్టారు. ఇక్కడ మూడు ఖాతాలు కదిలాయి. యంత్రాలు పెరిగాయి, కనుక 30,000 డెబిట్. నగదు తగ్గింది, 10,000 క్రెడిట్. అమ్మినవారికి చెల్లించాల్సిన అప్పు పెరిగింది, 20,000 క్రెడిట్. ఇప్పుడు ఆస్తులు 1,20,000. అప్పు 20,000, మూలధనం 1,00,000. రెండు వైపులూ సరిపోయాయి.

తర్వాతి ప్రశ్న: ఒక పాఠశాలకు యూనిఫారాలు కుట్టి ఇచ్చారు, 15,000 రూపాయలు వచ్చే నెలలో వస్తాయి. నగదు రాలేదు కాబట్టి పద్దే అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. కానీ పని పూర్తయింది, సొమ్ము అడిగే హక్కు దుకాణానికి వచ్చింది. రావలసిన బాకీ కూడా ఆస్తే. కాబట్టి పాఠశాల ఖాతా డెబిట్, కుట్టు ఆదాయం ఖాతా క్రెడిట్. ఆస్తులు 1,35,000 అయ్యాయి. కుడివైపు యజమాని వాటా 1,15,000కు చేరింది.

ఆ నెల దుకాణం అద్దె 4,000 నగదుగా చెల్లించారు. అద్దె అనే ఖర్చు యజమాని వాటాను తగ్గించింది, డెబిట్. నగదు తగ్గింది, క్రెడిట్. ఇప్పుడు ఆస్తులు 1,31,000. అప్పు 20,000, యజమాని వాటా 1,11,000 కలిపినా అంతే.

మరుసటి నెల పాఠశాల 15,000 చెల్లించింది. అభ్యాసకులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. డబ్బు వచ్చింది కదా అని నగదు డెబిట్ చేసి, మళ్లీ ఆదాయం క్రెడిట్ చేస్తారు. అలా రాస్తే ఆస్తులు 1,46,000 అవుతాయి; కుడివైపు కూడా 20,000, 1,26,000 కలిసి అంతే అవుతుంది. సమీకరణం సరిపోయింది, కానీ పద్దు తప్పు. ఒకే పనికి ఆదాయం రెండుసార్లు చేరింది. పైగా డబ్బు చెల్లించేసిన పాఠశాల ఇంకా 15,000 బాకీ ఉన్నట్టే పుస్తకం చూపిస్తుంది. ఆ ఖాతా నిల్వ చూస్తేనే తప్పు బయటపడుతుంది. జరిగింది ఒక ఆస్తి మరో ఆస్తిగా మారడమే: నగదు పెరిగింది, డెబిట్; బాకీ తీరింది, పాఠశాల ఖాతా క్రెడిట్. ఆస్తుల మొత్తం 1,31,000గానే ఉంటుంది.

అంటే సమీకరణం సరిపోకపోతే పద్దు తప్పని ఖాయంగా చెప్పవచ్చు. సరిపోయినంత మాత్రాన ఒప్పని చెప్పలేం. అందుకే ప్రతి ప్రశ్నకూ వరుసగా మూడు సంగతులు తేల్చుకోవాలి. ఏ ఖాతాలు కదిలాయి? ఒక్కోటి ఆస్తా, అప్పా, మూలధనమా, ఆదాయమా, ఖర్చా? అది పెరిగిందా, తగ్గిందా? ఈ మూడూ తేలాకే డెబిట్, క్రెడిట్ రాయాలి.

బ్యాంకు పాస్‌బుక్‌లో మాత్రం ఈ నియమం తలకిందులైనట్టు కనిపిస్తుంది. ఖాతాదారు డబ్బు జమ చేస్తే అక్కడ క్రెడిట్ అని ఉంటుంది. ఆ పుస్తకం బ్యాంకు వైపునుంచి రాసింది. ఖాతాదారు సొమ్ము బ్యాంకుకు తిరిగి ఇవ్వాల్సిన అప్పు. అప్పు పెరిగితే క్రెడిట్. అదే జమను దుకాణదారు తన పుస్తకంలో బ్యాంకు ఖాతా డెబిట్‌గా రాస్తారు, ఎందుకంటే ఆయనకు అది ఆస్తి. కాబట్టి పద్దు ఎవరి పుస్తకంలో రాస్తున్నామన్నది అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి.