సగానికి పడిపోయిన గొంతు

ఒకావిడ "అమ్మ వచ్చిందా?" అని అడిగింది. ఆ మాటను రికార్డు చేసి ప్రాట్‌లో తెరిచాం. ప్రాట్ అంటే ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వీనింక్ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్. మాట మీద పనిచేసేవాళ్లు, ముఖ్యంగా భాషాశాస్త్రం వాళ్లు, దీన్ని బాగా వాడతారు. తెర మీద గొంతు ఎత్తును చూపే గీత "అమ్మ వ" వరకు 200 హెర్ట్జ్ దగ్గర నడిచింది. "చ్చ" దగ్గర తెగింది. ఆ తర్వాత "ఇందా" అంతా 105 దగ్గర మొదలై 130 దాకా వెళ్లింది. గీతను నమ్మితే ఆమె ప్రశ్న చివరికి వచ్చేసరికి మగగొంతులోకి దిగిపోయిందనాలి. చెవికి మాత్రం గొంతు పైకి లేచినట్టే వినిపిస్తోంది. ఇక్కడ చెవి చెప్పిందే నిజం.

గొంతులోని స్వరతంత్రులు సెకనుకు ఎన్నిసార్లు తెరుచుకుని మూసుకుంటాయో ఆ లెక్కే ఫండమెంటల్ ఫ్రీక్వెన్సీ. మగవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడు అది 120కి అటూ ఇటూగా, ఆడవాళ్లలో 200కి అటూ ఇటూగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు స్వరతంత్రులు కనిపించవు. దాని చేతిలో ఉండేది మైకుకు అందిన తరంగం ఒక్కటే. ఆ తరంగం నకలును దాని మీదే పెట్టి కొద్దికొద్దిగా పక్కకు జరుపుతూ, ఎంత జరిపితే రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయో చూస్తుంది. దీన్ని ఆటోకోరిలేషన్ అంటారు.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. చీర అంచు మీద వరసగా మామిడి పిందెలు ఉన్నాయనుకోండి. అంచును ఒక పిందె దూరం జరిపితే డిజైన్ కలుస్తుంది. రెండు పిందెల దూరం జరిపినా అంతే బాగా కలుస్తుంది. మన రికార్డింగులో సెకనుకు 44,100 శాంపుల్స్ ఉన్నాయి కాబట్టి 210 హెర్ట్జ్ గొంతులో ఒక ఆవృత్తి సరిగ్గా 210 శాంపుల్స్ పడుతుంది. 420 శాంపుల్స్ జరిపినా తరంగం కలుస్తుంది, అప్పుడు వచ్చే జవాబు 105. గొంతు ఏ కాస్త బొంగురుగా ఉండి, ఆవృత్తులు ఒకటి బలంగా ఒకటి బలహీనంగా వస్తే, 210 కంటే 105 బాగా కలుస్తుంది. సంగీతం తెలిసినవాళ్ల లెక్కలో ఇది ఒక స్థాయి కిందికి పడిపోవడం. దీన్నే ఆక్టేవ్ జంప్ అంటారు.

ఇది ప్రాట్ రాసినవాళ్లకు తెలియక కాదు. ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒక ఫ్రేమ్ చొప్పున తీసుకుని, ఒక్కో ఫ్రేమ్‌లో సాధ్యమైన జవాబులన్నిటికీ మార్కులు వేస్తుంది. ఆ మార్కులతో పాటు గీత నడకనూ లెక్కలోకి తీసుకుంటుంది. పక్కపక్క ఫ్రేముల మధ్య ఒక స్థాయి దూకితే 0.35 జరిమానా. ఏదో ఒక అచ్చులో 210కి 0.96, 105కి 0.98 మార్కులు వచ్చాయనుకుందాం. కిందికి దూకి మళ్లీ పైకి రావాలంటే 0.70 కట్టాలి. ఫ్రేముకు 0.02 చొప్పున లాభం వస్తే, ఆ ఖర్చు రాబట్టుకోవడానికే 35 ఫ్రేములు కావాలి, అంటే సెకనులో మూడో వంతు పైమాటే. అందుకే నాదం తెగని చోట ఇలాంటి చిన్న తేడాలు గీతను పడేయలేవు.

"వచ్చిందా"లో మాత్రం "చ్చ" ఉంది. అది పలికేటప్పుడు స్వరతంత్రులు కంపించవు, గీత తెగుతుంది. తెగినందుకు, మళ్లీ మొదలైనందుకు విడిగా చిన్న జరిమానా ఉంటుంది. కానీ మళ్లీ మొదలైన చోట 210 తీసుకున్నా 105 తీసుకున్నా జరిమానా ఒక్కటే. ముందు గొంతు ఏ ఎత్తులో ఉందన్నది లెక్కకు రాదు. ఆ తర్వాత వచ్చే "ఇందా" తెగకుండా నడిచే ముక్క. 105 వైపు కొంచెం మొగ్గు ఉన్నా చాలు, ముక్క మొత్తం సగానికి పడిపోతుంది. ఒక స్థాయి తప్పులు క, చ, ట, త, ప, స లాంటి హల్లుల తర్వాతా, వాక్యం చివరా ఎక్కువగా కనబడడానికి ఒక కారణం ఇదే. ముక్క లోపల గీత ఆకారం చక్కగానే ఉంటుంది కాబట్టి చూసేవాళ్లకు అనుమానం కూడా రాదు.

తప్పో కాదో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. తరంగాన్ని పెద్దది చేసి, వరసగా పది ఆవృత్తులు ఎంచుకుని, ఎంతసేపు పట్టిందో చూడండి. 0.0476 సెకన్లు వస్తే గొంతు 210లో ఉన్నట్టు. మరో దారి, స్పెక్ట్రోగ్రామ్ విండో పొడవును 0.05 సెకన్లకు పెంచడం. అప్పుడు నిచ్చెన మెట్లలా అడ్డగీతలు కనిపిస్తాయి. అవి 210, 420, 630 దగ్గరే ఉండి 105, 315 దగ్గర ఏమీ లేకపోతే సాఫ్ట్‌వేర్ తప్పిందని ఖాయం చేసుకోవచ్చు.

సరిచేయడానికి చాలామంది ముందుగా చేసేది గీతను నునుపు చేయడం. ఒకటి రెండు ఫ్రేములు ఎగిరిపడితే అది పనికొస్తుంది. 30 ఫ్రేములు కలిసికట్టుగా పడిపోయినప్పుడు నునుపు చేస్తే తప్పే అందంగా తయారవుతుంది. అసలు మందు వెతికే హద్దులు మార్చడం. 75 నుంచి 600 దాకా వెతకమంటే 105కీ చోటిచ్చినట్టే. సెలీన్ ద లూజ్, డేనియల్ హర్స్ట్ సూచించిన రెండు దఫాల పద్ధతి ఇక్కడ బాగా పనిచేస్తుంది. ముందు విశాలమైన హద్దులతో ఆ మనిషి రికార్డింగు మొత్తం కొలవాలి. వచ్చిన విలువల్లో పావు వంతు దగ్గరి సంఖ్యను 0.75తో, ముప్పావు వంతు దగ్గరి సంఖ్యను 1.5తో గుణించి కొత్త హద్దులుగా పెట్టాలి.

```
sound = selected ("Sound")
To Pitch: 0, 75, 600
q1 = Get quantile: 0, 0, 0.25, "Hertz"
q3 = Get quantile: 0, 0, 0.75, "Hertz"
selectObject: sound
To Pitch: 0, 0.75 * q1, 1.5 * q3
```

మనావిడ విషయంలో పావు దగ్గర 190, ముప్పావు దగ్గర 225 వచ్చాయనుకుంటే హద్దులు సుమారు 140, 340 అవుతాయి. ఇక 105, 130లకు చోటు లేదు. "ఇందా" 210 నుంచి 260కి లేస్తుంది, ప్రశ్న ప్రశ్నలా కనిపిస్తుంది. మగగొంతులో ఇ, ఉ లాంటి అచ్చుల దగ్గర 150 కాస్తా 300గా రెట్టింపయ్యే తప్పు కూడా ఉంది. నోటి ప్రతిధ్వని ఆ అచ్చుల్లో 300 చుట్టుపక్కల బలంగా ఉండడం వల్ల వచ్చేదది. పై హద్దు తగ్గిస్తే అదీ పోతుంది.

హద్దు మరీ బిగించినా ముప్పే. 300లో మాట్లాడే పిల్లకు 250 పై హద్దు పెడితే, సాఫ్ట్‌వేర్ అసలు జవాబు చెప్పలేక 150 అంటుంది. అరుపులు, నాటకాలు, కథలు చెప్పే గొంతులకు 1.5 బదులు 2.5తో గుణించడం మేలు. హద్దుల్ని మనిషి మనిషికీ విడిగా కట్టాలి. భార్యాభర్తల సంభాషణను ఒకే ఫైలుగా కొలిస్తే ఈ లెక్క ఇద్దరికీ పనికిరాదు.

ఇంత చేశాక కూడా మిగిలే తప్పుల్ని పిచ్ ఎడిటర్‌లో చేత్తో సరిదిద్దుకోవచ్చు. తప్పిన భాగాన్ని ఎంచుకుని `Octave up` నొక్కితే గీత పైజవాబుకు మారుతుంది. అయితే నొక్కేముందు స్పెక్ట్రోగ్రామ్ మరోసారి చూడాలి. 105, 315 దగ్గర కూడా సన్నని గీతలు ఉంటే అంచులో పిందె, నెమలి, పిందె, నెమలి ఉన్నట్టు. అక్కడ డిజైన్ నిజంగానే రెండు బొమ్మలకు ఒకసారి తిరిగొస్తోంది. వాక్యం చివర గొంతు కిర్రుమంటూ విరిగినప్పుడు ఇలా జరుగుతుంది. అలాంటి చోట 105ను రెట్టింపు చేసి 210 అని రాస్తే, ఉన్న లక్షణాన్ని చెరిపేసినట్టవుతుంది. ఆ ముక్కను విడిగా గుర్తుపెట్టి సగటులోంచి తీసేయడమే పద్ధతి. సగటు బదులు మధ్యస్థం చూపితే ఇంకా నయం. 100 ఫ్రేముల్లో 70 ఫ్రేములు 210లో, 30 ఫ్రేములు 105లో ఉంటే సగటు 178.5కి పడిపోతుంది, మధ్యస్థం 210 దగ్గరే ఉంటుంది.